ఉప్పల్‌లో ఉన్న రెండో ఆశీర్వాదం

నేను టైపు చేసిన దరఖాస్తుకు జవాబు రాకపోవడం నా జీవితంలో ఒక్కసారే జరిగింది. అదీ ఆ ఆఫీసు తగలబడిపోవడం వల్ల. నాచారం చౌరస్తాలో నాది టైపింగు, జిరాక్సు, లామినేషన్ షాపు. తొమ్మిదో తరగతిలో గోడ దూకి బయటికొచ్చినవాణ్ని. అయినా తహశీల్దారు నుంచి ట్రాన్స్‌కో ఏఈ దాకా నా అక్షరాలకు లేచి నిలబడనివాడు లేడు. ఇంత గొప్పవాణ్ని నేనే ఒక మంచివాడి మెడకు ఉచ్చు టైపు చేసి ఇచ్చాను. ఆ మాట ముందే ఒప్పుకుంటే కథ నడపడం తేలిక.

ఆ మంచివాడి పేరు ఆశీర్వాదం. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, పీర్జాదిగూడలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, ఒక పార్సిల్ సర్వీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. పొద్దున ప్రార్థన, సాయంత్రం భార్య గ్రేసీతో కూరగాయల సంత, మధ్యలో మూటలు. మూట మీద చెయ్యి వేసి లోపల చీరలో, చెప్పులో, సైకిల్ చైన్లో చెప్పేవాడు. ఒకసారి ఒక గోనె వాసన చూసి, “ఇది భివండీల వానకు తడిసింది, మంగళారం నాడు” అన్నాడు. మంగళవారం సంగతి నేను కలిపాను. మిగతాది నిజం.

ఉప్పల్ బ్రాంచిలో డెలివరీ కౌంటరు ఆయనది. వాళ్ల పని మీకు ఒక్క ముక్కలో చెబుతాను. సరుకు పంపినవాడికి ఒక రసీదు ఇస్తారు, దాన్ని బిల్టీ అంటారు. పంపినవాడు దాన్ని పుచ్చుకునేవాడికి పోస్టులో పంపుతాడు. పుచ్చుకునేవాడు అది తెచ్చి కౌంటర్లో ఇస్తే, గుమాస్తా దాన్ని తీసుకుని, కంప్యూటర్లో ఆ సరుకు ‘డెలివరీ అయింది’ అని మూసేసి, మూట బయటికి వదులుతాడు. ఎవరు మూశారో వాళ్ల యూజర్ పేరు పక్కన పడుతుంది. అంతే. ఆ పేరే మనిషి సంతకం.

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోస్తున్న ఏడాది, జూన్‌లో, ఆశీర్వాదాన్ని నాచారం బ్రాంచికి బదిలీ చేశారు. మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు. ఆయన మాత్రం దుబాయి పోతున్నవాడిలా అందరికీ చేతులు కలిపి వచ్చాడు.

బయల్దేరే ముందు చార్జి అప్పగించాడు. ఆ కంపెనీలో అదొక పద్ధతి, కంప్యూటర్లు పుట్టకముందు నుంచీ ఉంది. కాగితం మీద వరసగా రాస్తారు: బల్ల తాళాలు రెండు, రబ్బరు ముద్రలు మూడు, ఇంకు ప్యాడ్, గోనె కుట్టే దబ్బనం, ఎవరూ రాని సరుకుల రిజిస్టరు, గోడౌన్ తాళం. కంప్యూటర్లు వచ్చాక కింద ఏడో వస్తువు చేర్చారు: సిస్టమ్ పాస్‌వర్డ్. తాళం ఇచ్చినవాడు పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఎట్లా అని వాళ్ల లెక్క. ఆశీర్వాదం తాను మొదట సరుకు దింపిన లారీ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాడు. దాన్ని ఏడో వస్తువు ఎదురుగా పొందికగా రాసి, సంతకం చేసి, చార్జి తీసుకున్న కనకరాజు చేత కూడా సంతకం చేయించాడు.

కనకరాజు అప్పటిదాకా బుకింగు కౌంటర్లో ఉన్నవాడు. నవ్వు మొహం. “నువ్వు వోతున్నవని నాకు నిద్ర పడ్తలేదన్నా” అన్నాడట, దబ్బనం లెక్కచూసుకుంటూ.

బదిలీ ఆర్డరు కాపీ హెడ్డాఫీసులో ఐటీ వాళ్లకు వెళ్లింది. రిలీవైన రోజు సాయంత్రమే వాళ్లు ఆయన లాగిన్ ఆపేశారు. అది సరైన పనే. కొత్త బ్రాంచిలో చేరినవాడికి ఆ బ్రాంచి మేనేజరు సంతకంతో ఉత్తరం వస్తేనే మళ్లీ ఇస్తారు. ఆ ఉత్తరం రాయాలని నాచారంలో ఎవరికీ తట్టలేదు. పది రోజులు ఆశీర్వాదం కౌంటర్ ముందు కూర్చుని ‘లాగిన్ చెల్లదు’ అన్న ఎర్ర అక్షరాలు చూస్తూ గడిపాడు.

నాచారం మేనేజరు రామచంద్రరావు మాటలు దబ్బనం కన్నా సూదిగా ఉంటాయి.

“ఏం ఆశీర్వాదం గారూ, సుట్టం సూపుకు వచ్చిన్రా? చాయ్ తాగి వోతరా, భోజనం గూడ జేస్తరా?”

“సిస్టం లోపలికి రానిస్తలేదు సార్.”

“నెల కాంగనే ఎవరెన్ని మూసిన్రో సిస్టమే లెక్క దీస్తది. మీ పేరు మీద గుండుసున్న వస్తే హెడ్డాఫీసోళ్లు ఎక్కువైనోళ్ల లిస్టుల రాస్తరు. నేను గాదు రాసేది, ఆ డబ్బా రాస్తది. ఐటీకి లెటర్ వెట్టుకోన్రి. నేను సంతకం జేస్త.”

ఎక్కువైనోళ్ల లిస్టు అంటే ఇంటికి పంపే లిస్టు. ఆ ఏడాది అప్పటికే నలుగురు వెళ్లారు. ఆశీర్వాదం మధ్యాహ్నం నా షాపుకు వచ్చాడు, చేతిలో చిన్న కాగితంతో. దాని మీద తెలుగులో నాలుగు వాక్యాలు: నా పేరు ఇది, నా నంబరు ఇది, ఫలానా తేదీన నాచారంలో చేరాను, నాచారం డెలివరీ పనికి లాగిన్ ఇప్పించండి.

“ఇంతేనానే?” అన్నాను. “గిది జూస్తే ఐటీ డిపార్టుమెంటు కాదు, ఇంట్ల పిల్లి గూడ లేవది. నువ్ కూసో.”

“హెడ్డాఫీసుకు ఇంగ్లీషుల పోవాలె తమ్మీ. తప్పులు రావద్దు.”

“నా ఇంగ్లీషుల తప్పు దొరికితే లండనోడే దిద్దుకోవాలె.”

నా దగ్గర తయారు ఉత్తరాలుండేవి. పేర్లు మారిస్తే చాలు. వాటిల్లో అన్నిటికన్నా బలమైనది, ఆగిన కరెంటు కనెక్షన్ మళ్లీ ఇవ్వమని ట్రాన్స్‌కోకు రాసే ఉత్తరం. దాంతో నేను మల్లాపూర్‌లో ఒక పిండిగిర్నీకి మూడు రోజుల్లో వెలుగు తెప్పించాను. అదే తెరిచాను. మీటరు నంబరు ఉన్నచోట యూజర్ పేరు పెట్టాను. సర్వీసు ఉన్నచోట సిస్టమ్ అని పెట్టాను. ‘నిలిపివేసిన సదుపాయాన్ని మునుపు ఉన్న స్థలంలో, మునుపు ఉన్న పూర్తి సామర్థ్యంతో, ఏ మార్పూ లేకుండా యథాతథంగా పునరుద్ధరించవలసిందిగా’ అన్న వాక్యం ఇంగ్లీషులో గుర్రబ్బండిలా సాగుతుంది. దాన్ని కదపడానికి మనసు రాలేదు. కింద నాచారం ముక్క కూడా చేర్చాను. ఆయన బతిమాలితే ఇంకొక మాటా కలిపాను: పాత పాస్‌వర్డే ఉంచండి, వయసు రీత్యా కొత్తది గుర్తుండదు అని.

రామచంద్రరావు చదవకుండా సంతకం పెట్టాడు. బ్రాంచి ముద్ర పడింది. హెడ్డాఫీసు ఇన్‌వార్డు ముద్ర పడింది. ఐటీలో ఉమ అనే అమ్మాయి దాన్ని చదివింది. బ్రాంచి మేనేజరు సంతకం ఉంది, అడిగింది స్పష్టంగా ఉంది. ఆపిన లాగిన్‌ను ఉప్పల్ హక్కులతో సహా అట్లాగే తెరిచి, నాచారం కలిపింది. పాస్‌వర్డు ముట్టుకోలేదు.

మూడో రోజు ఆశీర్వాదం నా షాపు ముందు నిలబడి, చేతులు పైకెత్తి దేవునికి స్తోత్రం చెప్పాడు. నాకు మిర్చి బజ్జీలు తినిపించాడు. అక్కడే నా ఫోన్ నుంచి కనకరాజుకు ఫోన్ చేశాడు.

“రాజన్నా, వచ్చింది లాగిన్! పాత పాస్‌వర్డే. ఏం మార్వలే!”

“పాస్‌వర్డ్ గూడ పాతదేనా?” అని అవతల కనకరాజు మళ్లీ అడిగాడు. తర్వాత, “మస్తు మంచిగయింది అన్నా” అని వినబడింది.

వారం బాగానే నడిచింది. ఆ తర్వాతి సోమవారం పొద్దున ఆయన కౌంటర్ దగ్గర కూర్చుని పేరు కొడితే, తెర మీద కొత్త మాట వచ్చింది: ఈ యూజర్ ఇప్పటికే వేరే చోట పనిచేస్తున్నారు.

రెండోసారి కొట్టాడు. అదే మాట. పావుగంట ఆగి కొడితే తెరుచుకుంది. మర్నాడు కూడా ఇంతే. ఆ మర్నాడు రెండుసార్లు.

“సర్వర్ బిజీ ఉంటది, గట్లనే జేస్తది” అన్నాడు రామచంద్రరావు. “మీరు గూడ జర బిజీ అయితే బాగుంటది.”

మధ్యాహ్నం చాయ్ దగ్గర ఆశీర్వాదం నాతో, “తమ్మీ, నేను ఈడ కూసున్న గదా?” అన్నాడు.

“కూసున్నవ్. నా బెంచి కిర్రుమంటుంది.”

“మరి అది నేను వేరేకాడ పనిజేస్తున్న అంటది.”

నేను నవ్వాను. ఉప్పల్లో నీ దయ్యం డ్యూటీ చేస్తోందేమో, దానికి నెల జీతం అడగమన్నాను. ఆయన నవ్వలేదు. గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టేదాకా అట్లాగే చూశాడు.

సాయంత్రం ఉప్పల్‌కు ఫోన్ చేశాడు. కనకరాజు దాచలేదు. అదే నన్ను ఈనాటికీ భయపెట్టే సంగతి.

“అవునన్నా, నేనే గొడుతున్న. నాది బుకింగు లాగిన్, డెలివరీ మూసేటందుకు పర్మిషన్ ఇంక రాలె. లైన్ల జనాలు తిడ్తున్రు. నీది ఉండె గదా, చార్జి లిస్టుల నువ్వే ఇచ్చినవ్. నాలుగు రోజుల పని. ఏమన్న తప్పా?”

తప్పు అనడానికి ఆశీర్వాదానికి నోరు రాలేదు. ఇరవై ఏళ్లు ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్న మనుషులు. “లైన్ నిలవడొద్దు, గది నిజమే. గని జల్ది ఇడ్వు రాజన్నా” అన్నాడు. అక్కడితో వదిలేశాడు. ఫోన్ పెట్టాక చెయ్యి అంగీకి తుడుచుకోవడం నేను చూశాను, తడిసిన మూట ముట్టుకున్నవాడిలా.

జులై రెండో వారంలో ఒక ఆడమనిషి నాచారం బ్రాంచికి వచ్చింది. పేరు వెంకటనర్సమ్మ. నారపల్లిలో కుట్టుమిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నేను అప్పుడు వాళ్ల రిజిస్టర్ల జిరాక్సులు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. చెమటతో, ఆటో దుమ్ముతో లోపలికి వచ్చి ఒక్కొక్కరి మొహం చూసింది.

“ఆశీర్వాదమంటే ఎవరు?”

“నేనేనమ్మా.”

ఆమె చాలాసేపు చూసింది. “నువ్ జూస్తే గసుంటోని లెక్క లేవు” అంది. “నా రెండు బట్ట మూటలు ఎవరికిచ్చినవయ్యా?”

“నేనా?”

“ఉప్పల్‌ల అడిగితే కంప్యూటర్ల జూసి చెప్పిన్రు. ఆశీర్వాదం ఇచ్చిండు, సంతకం అయింది, వాణ్నే అడుగు, నాచారంల ఉంటడు అన్నరు. బడి మొదలై నెలైతుంది. పోరలు పాత బట్టల మీదనే పోతున్రు, హెడ్మాస్టరు నా మీద గరం అయితుండు.”

“బిల్టీ ఏదమ్మా?”

ఆమె బొడ్డు సంచిలోంచి మడత తీసింది. అసలు బిల్టీ. నలగలేదు, చిరగలేదు. చేతిలోకి తీసుకుంటే స్వీకరించినట్టవుతుందని ఆశీర్వాదం దాన్ని అందుకోలేదు. బల్ల మీద పెట్టమని, దూరం నుంచే నంబరు చదివి, కంప్యూటర్లో కొట్టాడు. ‘డెలివరీ అయింది. బిల్టీ స్వీకరించబడింది. మూసినవారు: ఆశీర్వాదం.’ తేదీ, గంట, నిమిషం.

బిల్టీ ఇంకా ఆమె దగ్గరే ఉంది. స్వీకరించినట్టు ఈయన పేరు మీద ఉంది. ఈయన ఆ రోజు నాచారంలో ఉన్నాడు. రామచంద్రరావు కూడా లేచి వచ్చి తెర చూసి, మొదటిసారి ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయాడు.

ఆశీర్వాదం తన పేరుతో ఉప్పల్లో మూసిన సరుకులన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. సగం మామూలువే. పదకొండు మాత్రం ఎవరూ వెంటనే వచ్చి అడగని రకం: శివారు ఊళ్ల చిన్న వ్యాపారులవి. ఇరవై రెండేళ్లు కౌంటర్లో ఉన్నవాడికి ఎవరు ఎప్పుడొస్తారో తెలుస్తుంది. ఆ పదకొండు ఎంచినవాడికీ తెలుసు.

రెండు రోజుల్లో హెడ్డాఫీసు నుంచి పిలుపు. గ్రేసీ ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్ల అంగీ వేసుకుని, తోడు రమ్మని నన్ను తీసుకెళ్లాడు. నన్ను లోపలికి రానియ్యరు గదా, తలుపు బయట స్టూలు మీద కూర్చోబెట్టారు. తలుపు సగం తెరిచే ఉంది. విచారణ చేసే పెద్దాయన ముందు ఒక కాగితం ఉంది. దాన్ని పైకెత్తాడు. నా టైపు అక్షరాలు నేను మైలు దూరం నుంచైనా గుర్తుపడతాను. ఆ రోజు నాలుగు గజాల దూరం, గుర్తుపట్టకపోతే బాగుండుననిపించింది.

“నువ్వు నాచారం పోయినవ్. మరి ఉప్పల్ హక్కులు మళ్లా యథాతథంగా గావాలని ఎందుకు రాసినవ్?”

పెద్దాయన కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

“మునుపున్న స్థలంల, మునుపున్న పూర్తి సామర్థ్యంతోని. గిది నీ సంతకమే గదా? పాస్‌వర్డ్ గూడ మార్వద్దని ఎందుకడిగినవ్? ఎవరికి తెలిసి ఉండాలని?”

నాకు లేచి వెళ్లి, సార్, అది పిండిగిర్నీ ఉత్తరం అని చెప్పాలనిపించింది. లేవలేదు. ఊళ్లో నా గురించి నేను చెప్పిన కథల్లో పులి ఉంది, పోలీసు సూపరింటెండెంటు ఉన్నాడు, గోదావరి వరద ఉంది. ఏ కథలోనూ నేను స్టూలుకు అతుక్కుపోలేదు.

“సార్,” అన్నాడు ఆశీర్వాదం, “నాకు ఇంగ్లీషు సక్కగ రాదు. నేను నాచారం అడిగిన. సంతకం నాదే. చదవకుంట జేసిన.”

నా పేరు చెప్పలేదు. తలుపు వైపు చూడనుకూడా లేదు.

ఐటీ నుంచి ఉమను పిలిచారు. ఆమె ఒక కట్ట కాగితాలతో వచ్చింది. గొంతు మామూలుగా ఉంది. “సార్, ఆ పదకొండు ఎంట్రీలు ఉప్పల్ కౌంటర్ రెండు నుంచి పడినయ్. ఏ కంప్యూటరో లాగ్‌ల ఉంటది. ఇంకోటి సూడున్రి. అవే టైములల్ల నాచారం కంప్యూటర్ల నుంచి ఇదే పేరుతోని లాగిన్ ట్రై జేసి ఆగిపోయినయ్ ఉన్నయ్. పద్నాలుగు సార్లు. ఒక్కటే మనిషి ఉప్పల్‌ల ఉండి, నాచారంల తనని తనే ఆపుకోడు గదా?”

‘వేరే చోట పనిచేస్తున్నారు’ అన్న ఆ పాడు మాట వచ్చిన ప్రతిసారీ, ఎక్కడో ఒక గీత పడుతూ వచ్చింది. ఆయన భయపడి మళ్లీ మళ్లీ కొట్టిన ప్రతిసారీ ఒక సాక్ష్యం. ఊరుకుని ఉంటే అది కూడా ఉండేది కాదు.

కనకరాజు మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. బోడుప్పల్‌లో అద్దెకు తీసుకున్న ఒక షట్టరులో ఆ పదకొండింట్లో ఆరు సరుకులు దొరికాయి, వెంకటనర్సమ్మ బట్ట కూడా. మిగతా అయిదు దొరకలేదు.

అయినా ఆశీర్వాదం బయటపడలేదు. ఆ కంపెనీ చార్జి లిస్టు బయటికి తీసింది. ఏడో వస్తువు, లారీ నంబరు, కింద ఆయన సంతకం. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదన్నది రూలు. చార్జి ఇచ్చేటప్పుడు చెప్పాలన్నది పద్ధతి. రెండూ ఆ కంపెనీవే. తప్పు మాత్రం ఆయనది. మెమో ఇచ్చారు, లాగిన్ మళ్లీ ఆపేశారు. విచారణ కాగితాలు ముగిశాక మళ్లీ అడుక్కోవచ్చన్నారు. నెలాఖరు లెక్కలో గుండుసున్న వస్తే లిస్టు సంగతి తెలిసిందే.

ఆయన మళ్లీ నా షాపుకు వచ్చాడు. నేను లేచి కుర్చీ ఇచ్చాను. క్షమాపణ అని ఒకటి నోట్లో తయారు చేసుకుంటుంటే, చేత్తో ఆపాడు.

“పాత ఉత్తరాలు తెరువకు తమ్మీ. కొత్త కాగితం దీయ్. నేను జెప్పింది కొట్టు.”

ఆయన చెప్పాడు, నేను కొట్టాను. నాచారం డెలివరీ కౌంటర్ పని మాత్రమే కావాలి. ఉప్పల్ హక్కులు ఏవైనా మిగిలి ఉంటే తీసేయాలి. కొత్త పాస్‌వర్డ్ నేనే, నా చేత్తో, మొదటిసారి తెరిచినప్పుడు పెట్టుకునేట్టు చేయాలి. మూడు వాక్యాలు. ప్రతిదాన్నీ తెలుగులో చెప్పించుకుని, సరే అన్నాక సంతకం చేశాడు. నా బతుకులో అంత పేద ఉత్తరం ఇంకోటి కొట్టలేదు.

నెల ముగియడానికి అయిదు రోజుల ముందు లాగిన్ వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు రామచంద్రరావును కూడా అటు తిరగమన్నాడట. ఆ అయిదు రోజుల్లో మూడు వందల సరుకులు మూశాడని నేను చెబుతుంటాను. నిజానికి నూటా పదో ఎంతో. లిస్టులో పేరు రాలేదు.

ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. సెప్టెంబర్‌లో గ్రేసీ తమ్ముడి బిడ్డ పెళ్లి, నారపల్లి చర్చిలో. ఆశీర్వాదం సెలవు పెట్టాడు. భోజనానికి పిలవకపోయినా నేను వెళ్లేవాణ్ని, పిలిచారు కూడా. ప్రమాణాలు అవుతుండగా ఆయన జేబులో ఫోన్ మోగింది. బయటికొచ్చాడు, నేను వెనకే వచ్చాను. రామచంద్రరావు గొంతు నాకూ వినబడుతోంది.

“ఆశీర్వాదం గారూ, లైన్ల ఇరవై మంది ఉన్నరు. మీ పాస్‌వర్డ్ జర చెప్పున్రి, నేనే మూస్త. రెండు నిమిషాల పని.”

“చెప్పరాదు సార్. నేనే వస్త.”

“పెండ్లిల ఉన్నరు గదా!”

“వస్త సార్.”

“నా మీదనే నమ్మకం లేదన్నట్టు.” ఈసారి గొంతులో వెటకారం లేదు. అదే బాగోలేదు. “సరే. గుర్తు వెట్టుకుంట.”

ఆయన సూటు మీదనే ఆటో ఎక్కాడు. నేనూ ఎక్కాను, బిరియానీ వదిలి. నా జీవితంలో అంతకన్నా పెద్ద త్యాగం లేదు. లైనులో ఇరవై మంది లేరు, ఏడుగురున్నారు. ఆశీర్వాదం కోటు విప్పకుండా కూర్చుని ఏడు బిల్టీలు తీసుకుని, ఏడు మూటలు వదిలాడు. రామచంద్రరావు గాజు తలుపు వెనక నిలబడి చూస్తూనే ఉన్నాడు.

పది రోజులకు బదిలీ ఆర్డరు వచ్చింది. ఈసారి ఉప్పల్ కాదు, నాచారం కాదు. ఆర్డరు మీద ఉన్న దూరపు ఊరి పేరు ఆయన రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. చార్జి లిస్టు టైపు చేయించడానికి నా దగ్గరికే వచ్చాడు. తాళాలు, ముద్రలు, ప్యాడ్, దబ్బనం, రిజిస్టరు, గోడౌన్ తాళం. ఏడో వస్తువు దగ్గర నా వేళ్లు ఆగాయి.

“గిది పాత లిస్టుల ఉందే అన్నా. తీసెయ్యాల్నా?”

“తీస్తే మళ్ల ఎవడో పెన్నుతోని రాస్తడు. ఉంచు.”

“ఎదురుంగ ఏం రాయాలె?”

బయట వరంగల్ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగాడు.

“నాతోనే వస్తుంది, అని రాయ్.”

అట్లాగే కొట్టాను. ఒక్క అక్షరం కలపలేదు.